ఊపిరికి సరిపడు వాక్యము

ఈ యేడు మా పాఠశాల వార్షికోత్సవమునకై పై తరగతుల విద్యార్థులు మన విశాఖపట్టణమును గూర్చి పది నిమిషముల వీడియో నొకదానిని తయారుచేసిరి. అందు మొదటి భాగము పోర్టును గూర్చియు, రెండవ భాగము ఉక్కు కర్మాగారమును గూర్చియు నుండెను. చిత్రములను తీసినవారు వారే. చిత్రముల వెనుక వినిపింపవలసిన వ్యాఖ్యానమును, అనగా నేడు వాయిస్ ఓవర్ అని యెల్లరును పిలుచుదానిని, వ్రాసినవారును వారే. ఆ వ్రాతను దిద్దిపెట్టు పని మా పాలబడెను.

వ్యాఖ్యానమును చదువుటకు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె యెన్నుకోబడి యుండెను. ఆమె కంఠము చక్కనిది, ఉచ్చారణము స్పష్టమైనది. అయినను మొదటి దినమున రికార్డు చేసి వినగా, వాక్యముల నడుమ ఆమె ఎగఊపిరి తీయుచున్నట్లు వినవచ్చెను. "పాపకు దమ్ము చాలదు, వేఱొకరిని పెట్టుదము" అని తోటివారనిరి. ఆ మాటకు ఆ బాలిక తల వంచుకొనెను. మేము తొందరపడక, అదే పుటను ఆమెచేత మూడుమారులు చదివించి, ఆమె ఊపిరి తీసిన ప్రతిచోటను పెన్సిలుతో గీత గీసితిమి. మూడుమారులును గీతలు ఆ చోటులందే పడెను. పిమ్మట బంతియాటలో ఆరితేరిన పదవ తరగతి బాలునిచేత దానినే చదివించితిమి. వాడును అచ్చటనే తడబడెను. ఒకరే తడబడిన అది చదువరి కొఱత కావచ్చును. ఇద్దఱును ఒకేచోట తడబడిన కొఱత వ్రాతయందున్నదని తెలియవలెను.

కంటికి వ్రాయు వాక్యము వేఱు, చెవికి వ్రాయు వాక్యము వేఱు. ఈ పత్రికలో మేము వ్రాయుచున్న వాక్యము దీర్ఘమైనచో, చదువరి వెనుకకు మరలి మొదలు చూచుకొనగలడు. వీడియో వినువానికి ఆ వీలు లేదు. పైగా మన తెలుగున క్రియ వాక్యము చివర వచ్చును. విశేషణములన్నియు ముందు నడచి, క్రియ వచ్చువఱకు వినువాడు వానినన్నిటిని మనసున మోయవలసియుండును. ఆ మోత పెరిగినకొలది చదువువారి ఊపిరియు, వినువారి ఓపికయు ఒక్కసారే తఱుగును.

బడిలో నేర్పు తెలుగునకును నోట పలుకు తెలుగునకును గల దూరమును గూర్చిన చర్చ మన ఉత్తరాంధ్రముననే పుట్టినది. 1906వ సంవత్సర ప్రాంతమున పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్సు దొరకు ఆ సందేహము కలిగెను. గిడుగు రామమూర్తిగారును, మన పట్టణపు ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా నుండిన పి.టి. శ్రీనివాస అయ్యంగారును ఆ ప్రశ్నను చేపట్టిరి. వ్యాఖ్యానమును దిద్దువానికి నేడును అదే ప్రశ్న ఎదురగుచున్నది. అయితే మా చేతిలో కొలత కూడ నుండెను.

ఆ కొలత యిది. తెలుగు మాటలు కొన్ని రెండక్షరములవి, కొన్ని తొమ్మిదక్షరములవి. కావున మాటలను లెక్కించిన ప్రయోజనము లేదు, అక్షరములను లెక్కింపవలెను. అచ్చుతో పలుకు ప్రతి అక్షరమును ఒకటిగా నెంచి, పొల్లుహల్లులను విడిచిపెట్టవలెను. మా బాలిక నెమ్మదిగా చదివినప్పుడు సెకనుకు ఇంచుమించు ఆరక్షరములు పలికెను. ఒక్క ఊపిరిలో అయిదు సెకనులవఱకు ఆమె గొంతు నిలకడగా నుండెను; ఆపైన వాక్యపు తుది నీరసించి పల్చబడుచుండెను. కాబట్టి ఆమెకు ఒక ఊపిరికి ముప్పది యక్షరములే హద్దు అని నిర్ణయించుకొంటిమి. వేఱొకరు చదివిన వారి హద్దును మరల కొలువవలెను.

ఇక పోర్టు భాగములో మొదటి వాక్యమును చూడుడు. పిల్లలు ఇట్లు వ్రాసిరి: "1933 డిసెంబర్ 19న అప్పటి వైస్రాయ్ లార్డ్ విల్లింగ్‌డన్ చేత ప్రారంభించబడిన, డాల్ఫిన్స్ నోస్ కొండ చేత అలల ఉధృతి నుండి రక్షించబడుతున్న విశాఖపట్నం నౌకాశ్రయం తూర్పు తీరంలోని ప్రధాన నౌకాశ్రయాలలో ఒకటిగా పరిగణించబడుతోంది." ఇందు అబద్ధ మేమియు లేదు. కాని లెక్కింపగా 96 అక్షరములు తేలెను. అనగా పదునాఱు సెకనులు. మూడు ఊపిరులకు మించిన పని. తెరమీద కొండను చూపు చిత్రమో, పదుమూడు సెకనులే. వాక్యము ముగియకముందే చిత్రము మారిపోవును.

మొదట మేము అంకెలను అక్షరములుగా వ్రాసితిమి. 1933 అని కాగితముమీద నాలుగంకెలే. నోట "పందొమ్మిది వందల ముప్పై మూడు" అని పదునొకండక్షరములు. అంకె ఊపిరిని దాచిపెట్టును. తేదీలోని 19ని తెరమీద వ్రాతగా చూపుటకు విడిచి, నెలను మాత్రము నోటికి ఉంచితిమి. పిమ్మట "చేత ... బడిన" అను కూర్పులను విప్పితిమి. నౌకాశ్రయము అను మాటను మన పట్టణమున ఎవరును నోట పలుకరు. కూలివాడు మొదలు అధికారివఱకు పోర్టు అనియే అందురు. కావున ఆ మాటనే నిలిపితిమి. "ఉధృతి" అనుచోట నాలుక తట్టుకొనుచుండెను, దానిని తీసివైచితిమి. తూర్పుతీరపు ప్రాధాన్యమును తరువాతి చిత్రములోని ఓడల వరుసయే చెప్పుచుండుటచే, ఆ ముక్కను మానితిమి. తుదకు ఇట్లు కుదిరెను:

"విశాఖ పోర్టుకు కాపలా ఒక కొండ. దాని పేరు డాల్ఫిన్స్ నోస్. పెద్ద అలలను అది అడ్డుకుంటుంది. పందొమ్మిది వందల ముప్పై మూడు డిసెంబరులో, వైస్రాయి విల్లింగ్‌డన్ దీన్ని ప్రారంభించారు."

చివరి వాక్యమును చదివి వినగా క్రొత్త చిక్కొకటి బయటపడెను. "దీన్ని" అనగా కొండనా, పోర్టునా? వినువానికి కొండయే తోచును. అందుచే "దీన్ని" తీసి "పోర్టును" అని వ్రాసితిమి. ఆ వాక్యము సరిగా ముప్పదియక్షరములై హద్దును తాకెను. నాలుగు వాక్యములును కలిసి 63 అక్షరములు. నడుమ మూడు విరామములతో పండ్రెండు సెకనులలో ముగిసి, తుదిని ఒక సెకను అలల చప్పుడునకు మిగిలెను.

ఇది చూచిన పిల్లలు ఉత్సాహముతో తరువాతి పుటను తామే తెగగొట్టిరి: "మొదటి ఓడ వచ్చింది. దాని పేరు జలదుర్గ. అది అక్టోబరులో వచ్చింది. అదే ఏడాది." ఇది హాజరుపట్టీ పిలిచినట్లున్నది. ఊపిరికి సరిపడుట యనగా ఊపిరిని ముక్కలు చేయుట కాదు. ఒక్క తలపు ఒక్క ఊపిరిలో ఇముడునప్పుడు దానిని విఱువరాదు. "అదే ఏడాది అక్టోబరులో జలదుర్గ అనే ఓడ మొదట లోపలికి వచ్చింది" అని కలిపితిమి. ఇరువది యెనిమిదక్షరములు, హద్దు దాటలేదు. పొట్టి వాక్యము ప్రక్క పొడుగు వాక్యము వచ్చినప్పుడే మాట మాటలాడినట్లుండును.

ఉక్కు కర్మాగారపు భాగములో ఒకే వాక్యమున మూడు తేదీలు కూర్చియుండిరి: 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధి పార్లమెంటులో చేసిన ప్రకటన, 1971 జనవరి 20న జరిగిన శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు జాతికి అంకితము చేయుట. నెలలను విడిచి మూడు సంవత్సరములను మాత్రమే పలికినను 32 అక్షరములగును. ఒక ఊపిరి వానికే చెల్లిపోవును. తేదీలన్నిటిని తెరకు వదలి, నోటికి ఇట్లు ఇచ్చితిమి: "పందొమ్మిది వందల అరవై ఆరులో పోరాటం సాగింది. ఇరవై ఆరేళ్ల తర్వాత కర్మాగారం జాతికి అంకితమైంది." మూడు తేదీలు విన్నవానికి మిగులనిది, ఇరువదియాఱేండ్ల కాలమను ఒక్క లెక్కచే మిగులును. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అను నినాదమును మాత్రము ముట్టలేదు. పదియక్షరములు, రెండు సమానమైన తూగులు. వీధిలో వేలమంది కలిసి అరచిన మాట గనుక ఊపిరి దానిని ముందే దిద్దిపెట్టినది.

అన్నిటికంటె కష్టమైన వాక్యము పొట్టిదే. "కర్మాగార నిర్మాణం కోసం గ్రామాల భూములు సేకరించబడ్డాయి" అని వ్రాసియుండిరి. ముప్పదికి లోబడియే యున్నది. కాని చదువునప్పుడు అది కార్యాలయపు కాగితమువలె వినవచ్చెను. "బడ్డాయి"ని తీయవలెనన్న కర్త కావలెను. ఒక బాలుడు "ఊళ్లవాళ్లు భూములు ఇచ్చారు" అనెను. మఱియొకడు "తీసుకున్నారు" అనెను. ఈ రెంటికిని అర్థము ఒకటి కాదు. వినికిడికై చేయు దిద్దుబాటు చరిత్రను మార్చునట్టి చోటు ఇదియే. గాజువాక వైపునుండి వచ్చు విద్యార్థి యొకడు తన తాతగారిని అడిగి మఱునాడు చెప్పెను: "ఇచ్చామో, తీసుకున్నారో మీరెందుకు తేలుస్తారు? ఇల్లు వదిలి వచ్చాం. ఆ మాట చెప్పండి చాలు." ఆ పెద్దాయన మాటనే వాక్యముగా నిలిపితిమి: "ఎన్నో ఊళ్లవాళ్లు తమ ఇళ్లు వదిలి వచ్చారు." పదునాఱక్షరములు. దాని తరువాత రెండు సెకనులు ఏమియు పలుకరాదని ప్రక్కన గుర్తుపెట్టితిమి.

దిద్దిన ప్రతిని పెద్ద అక్షరములతో, ఒక వాక్యమునకు ఒక పంక్తిగా వ్రాయించితిమి. చిన్న విరామమునకు ఒక గీత, ఊపిరికి రెండు గీతలు. గీతను ఎన్నడును విశేషణమునకు విశేష్యమునకు నడుమ గాని, సంవత్సరపు పేరు నడుమ గాని పెట్టలేదు. వాక్యము ఒక పుటలో మొదలై మఱియొక పుటలో ముగియకుండ చూచితిమి. ఏలయన కాగితము త్రిప్పు చప్పుడును మైకు విడువదు. ఇంగ్లీషు పొడి అక్షరములను పలుకునట్లే "ఆర్ ఐ ఎన్ ఎల్" అని తెలుగున వ్రాయించితిమి.

రికార్డు చేయుదినమున ఆ బాలికయే చదివెను. తెర కట్టి, కన్నులు మూసికొని వింటిమి. పెన్సిలు మా చేతనే యుండెను. మొదటి పుటయంతయు గీత పడలేదు. రెండవ పుటలో ఒక్కచోట పడెను. అచ్చట మాట నొకదానిని మార్చి, ఆ పంక్తిని మాత్రము మరల చదివించితిమి. ఉత్సవమునాడు ముందు వరుసలో కూర్చున్న తల్లులలో చదువురానివారును గలరు. "ఇళ్లు వదిలి వచ్చారు" అనుచోట వెనుకనుండి ఎవరో "అవును" అనిరి. ఆ రెండు సెకనుల మౌనములో ఆ మాట సభకంతకును వినబడెను.