గంటలో వ్యాసం: పసుపు బోర్డు ప్రశ్నను ఎలా రాయాలి?

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే పేపర్‌లో 3 గంటల్లో 3 వ్యాసాలు రాయాలి కనుక ఒక్కో వ్యాసానికి దక్కేది గంట మాత్రమే. అందులో మొదటి పది నిమిషాలను ప్రతిపాదనను, అంటే జవాబంతా నిరూపించబూనే ఒకే ఒక్క వాక్యాన్ని, స్థిరపరచుకోవడానికి కేటాయించడం మేలు.

ఆర్మూరు అభ్యర్థికి ‘పసుపు బోర్డు రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వగలదా?’ అన్న ప్రశ్న ఎదురైందనుకుంటే, పసుపు చరిత్రతో, ఔషధ గుణాలతో రెండు పేజీలు నింపకుండా, ‘బోర్డు మార్కెట్‌ను విస్తరించగలదు గాని, తనంతట తాను ధరకు హామీ ఇవ్వలేదు’ అని మొదటి పేరాలోనే తేల్చి చెప్పాలి.

ఆ తరువాత ఆధారం రావాలి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు పోటీకి దిగి బోర్డుతో పాటు మద్దతు ధరనూ కోరారు. 2025 జనవరిలో బోర్డు ప్రారంభమైనా, కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల్లో పసుపు లేదు. అయితే వాస్తవాలను పేర్చినంత మాత్రాన వాదం కాదు. ‘కోరిన రెండింటిలో ఒకటే నెరవేరింది కనుక ధరను ఇప్పటికీ మార్కెట్టే నిర్ణయిస్తోంది’ అనే అనుసంధాన వాక్యమే వాటిని ప్రతిపాదనకు ముడివేస్తుంది, చాలా జవాబుల్లో లోపించేది కూడా అదే. ఒక వాస్తవాన్ని కొట్టివేసినా ప్రతిపాదన బలం తగ్గకపోతే, అది ఆధారం కాదు, కేవలం సమాచారం.

ముగింపు ప్రతిపాదనను తిరిగి వల్లించకుండా దాని హద్దును చెప్పాలి: శుద్ధి, నిల్వ, ఎగుమతుల్లో బోర్డు తోడ్పడితే రాబడి పెరగవచ్చు, ధర పడిపోయినప్పుడు ఆదుకునే ఏర్పాటు మాత్రం విడిగా కావాలి. ఈ పేరాకు చివరి ఐదు నిమిషాలు మిగుల్చుకోని వ్యాసం అసంపూర్ణమే.