0.1 శాతమే కదా అనుకున్నా!

అడిక్‌మెట్‌లో మా సందు చివరి మందుల షాపులో మొటిమలకని అడాపలీన్ జెల్ కొన్నాను. అమెరికాలో 2016 నుంచి చీటీ లేకుండానే ఇస్తున్నారుగా, ధైర్యం! ఇంట్లో ఉన్న రెటినాల్ సీరం 0.5 శాతం, ఇది 0.1 శాతమే. తక్కువే అనుకుని రోజూ రాత్రి దట్టంగా పూశాను. వారానికల్లా ముక్కు పక్కన పొట్టు, నీళ్లు తగిలితే మంట.

"అంకెలు పోల్చకూడదక్కా," అంది ఫార్మసీ చదివిన మా పిన్ని కూతురు. రెటినాల్ చర్మంలో రెండు మెట్లు మారాకే పనిచేస్తుందట. రెటినల్‌కి ఒక్క మెట్టే, అందుకే కాస్త ఘాటెక్కువ. అడాపలీన్‌కి మారే పనే లేదు, నేరుగా పనిలోకి దిగుతుంది.

మంట తగ్గేదాకా ఆపాను. ఇప్పుడు వారానికి రెండు రాత్రులు, మాయిశ్చరైజర్ రాసుకున్నాక ముఖమంతటికీ బఠాణీ గింజంత. కడుపుతో ఉన్న మరదలు అడిగితే మాత్రం ట్యూబ్ ఇవ్వలేదు.