ఏనుగు కణం ఎంత పెద్దది?

ఏనుగు కణాలు చీమ కణాలకంటే ఎన్ని రెట్లు పెద్దవో చెప్పండి చూద్దాం. వెయ్యి రెట్లా? అబ్బే, చాలామటుకు దగ్గరదగ్గర ఒకే సైజండీ! ఏనుగులో కణాల సంఖ్య ఎక్కువ, అంతే.

ఎందుకంటారా? కణంలోకి ఆక్సిజన్ రావాలన్నా, వ్యర్థాలు బయటికి పోవాలన్నా దారి పైనున్న త్వచమే. కాబట్టి రాకపోకలు ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఉంటాయి. అవసరం మాత్రం లోపలున్న సరుకును బట్టి, అంటే ఘనపరిమాణాన్ని బట్టి. కణం పెరిగితే ఈ రెండూ ఒకే లెక్కన పెరగవు. చిక్కంతా అక్కడే.

పెన్ను తీయండి. 2 మైక్రోమీటర్ల భుజం ఉన్న ఘనాకార కణం అనుకుందాం.

వైశాల్యం: 6a² = 6 × 4 = 24 µm²
ఘనపరిమాణం: a³ = 8 µm³
నిష్పత్తి: 24 ÷ 8 = 3

ఇప్పుడు భుజం 6 మైక్రోమీటర్లు చేద్దాం.

వైశాల్యం: 6 × 36 = 216 µm²
ఘనపరిమాణం: 216 µm³
నిష్పత్తి: 216 ÷ 216 = 1

భుజం మూడింతలైతే వైశాల్యం 9 రెట్లయింది, ఘనపరిమాణం 27 రెట్లయింది. అంటే ప్రతి ఘన మైక్రోమీటరు సరుకుకూ దక్కే త్వచం మూడోవంతుకు పడిపోయింది. పైగా నడిమధ్యకు దూరమూ పెరిగింది. విసరణలో దూరం మూడింతలైతే పట్టే కాలం సుమారు తొమ్మిదింతలు.

మరి ఆ పెద్ద ఘనాన్ని 27 చిన్న ఘనాలుగా కోస్తే? సరుకు అదే 216. వైశాల్యం మాత్రం 27 × 24 = 648. కణం విభజన చెందితే కలిగే లాభం ఇదే.

పరీక్షలో జారిపడే చోట్లు రెండు. 216, 216 అని రెండూ ఒకే అంకె వచ్చాయి కదా అని వైశాల్యమూ ఘనపరిమాణమూ సమానమని రాసేయకండి, ప్రమాణాలు వేరు. ఇక గోళాకార కణమైతే నిష్పత్తి 3/r. ప్రశ్నలో తరచూ వ్యాసమిస్తారు, ముందు సగం చేసుకోవాలి. వ్యాసం 20 µm అయితే r = 10, నిష్పత్తి 0.3.

సైజు పెంచకుండానే ఆకారం మార్చుకుని గట్టెక్కే కణాలూ ఉన్నాయి. మన ఎర్ర రక్తకణం ఘనపరిమాణం సుమారు 90 µm³. అది గుండ్రని బంతిలా ఉంటే పైభాగం 97 µm² మాత్రమే ఉండేది. రెండు వైపులా నొక్కినట్టుండే బిళ్ల కావడంతో సుమారు 135 దాకా వస్తుంది.

“కణాలు ఎందుకు చిన్నవి?” అని అడిగితే “నిష్పత్తి ఎక్కువ కాబట్టి” అని ఆపేయకండి. అవసరం ఘనపరిమాణంతో, సరఫరా వైశాల్యంతో పెరుగుతాయన్న ముక్క కూడా రాస్తేనే జవాబు పూర్తయినట్టు.