విదేశీ బిల్లుతో వెళ్ళే ఉత్తరం

మా హోసూరులో సిప్కాట్ ఫ్యాక్టరీలకు యంత్ర భాగాల డ్రాయింగులు గీసేవాళ్ళకు కొదవ లేదు. నేను అదే పనిని ఇంట్లో కూర్చుని జర్మనీలోని ఒక చిన్న కంపెనీకి చేస్తుంటాను. పని ఒక ఎత్తయితే, బిల్లుతో పాటు వెళ్ళే ఈమెయిల్ మరో ఎత్తు. మన పిల్లలు కొందరు ఇలాంటి పనుల్లోకే దిగుతున్నారు కనుక ఆ ఉత్తరం సంగతి చెబుతాను.

ఒకసారి 800 యూరోల బిల్లుకు 782 మాత్రమే చేరాయి. "మొత్తం పంపేశాం" అన్నారు వాళ్ళు. అదీ నిజమే! స్విఫ్ట్ సందేశం నకలు తెప్పించి చూస్తే, నడుమనున్న ఒక బ్యాంకు 18 యూరోలు తీసుకుంది. సొమ్ము పంపేటప్పుడు ఛార్జీల దగ్గర SHA అని ఎంచుకుంటే ఖర్చు ఇరుపక్షాలదీ. OUR అంటే పంపేవారిదే. ఇది పంపేవారి చేతిలోనే ఉంటుంది కనుక ముందే అడగాలి. ఇంగ్లీషులో వెళ్ళే నా ఉత్తరం తెలుగులో ఇలా ఉంటుంది:

"ఈ బిల్లు 800 యూరోలు. దయచేసి యూరోలలోనే పంపండి, రూపాయల్లోకి మార్చవద్దు. ఛార్జీల దగ్గర OUR ఎంచుకోండి. బిల్లు నంబరు తప్పక రాయండి. భారతదేశంలో IBAN లేదు. ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడ్ చాలు. మా బ్యాంకు వివరాలు మారాయని ఎప్పుడైనా ఈమెయిల్ వస్తే, మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి నాతో మాట్లాడాకే పంపండి."

IBAN మాట ఊరికే రాయలేదు. యూరప్ కంపెనీల ఫారాల్లో ఆ గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే అక్కడి గుమాస్తా చెల్లింపు ఆపేస్తాడు. ఇక చివరి వాక్యం దొంగల కోసం. ఈమెయిల్‌లోకి చొరబడి ఖాతా నంబరు మార్చి పంపడం వాళ్ళకు బాగా అలవాటైన పని.

తర్వాత పన్ను ముక్క. నేను జీఎస్టీలో నమోదైనవాణ్ణి. ఏటా కొత్త ఆర్థిక సంవత్సరానికి ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేస్తాను కనుక, ఎగుమతి సేవకు పన్ను కట్టకుండానే బిల్లు వేయవచ్చు. "హామీపత్రంపై ఎగుమతి, ఐజీఎస్టీ చెల్లించలేదు" అని బిల్లు మీదే రాస్తాను. ఉత్తరంలో "భారతీయ పన్ను కలపలేదు, మీ దేశపు వ్యాట్‌ను మీరే లెక్క చూపుకోవాలి" అంటాను. జర్మనీలో ఇలాంటి సేవకు ఆ భారం కొన్న కంపెనీదే.

అయితే ఈ సదుపాయానికి ఒక గడువుంది. నిబంధనల్లో చెప్పిన వ్యవధిలోపు సొమ్ము రాకపోతే, ఆ పన్ను వడ్డీతో సహా మన మెడకే చుట్టుకుంటుంది. అందుకే సొమ్ము జమైనట్టు బ్యాంకు ఇచ్చే పత్రాన్ని అడిగి తీసుకుని, బిల్లుకు, ఆ ఉత్తరానికి జత చేసి దాస్తాను. 782 వచ్చినప్పుడు, మిగతా 18 బ్యాంకు ఛార్జీలేనని మా ఆడిటరుకు చూపడానికి స్విఫ్ట్ నకలు కూడా ఆ కట్టలోనే ఉంది.