నమ్కీ తెల్దు బేటా

1993 ఎండాకాలంలో నా దోస్తు ఒకతను కథ రాసి నా చేతిలో పెట్టాడు. మంచివాడు. మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగనిదే అతనికి రంజాన్ గడవదు. "మీవాళ్ల మీద రాశాన్రా. తప్పులుంటే దిద్ది పెట్టు" అన్నాడు.

కథ 1992 డిసెంబర్ 6 నాటిది. మా నల్లగొండ జిల్లాలో ఒక చిన్న పట్నం. కరీం సాబ్ అనే ముసలాయన బజారులో తాళాలు బాగుచేస్తుంటాడు. గడ్డం, టోపీ, కళ్లకు సుర్మా. బాబ్రీ మసీదు కూలిందని రేడియోలో వార్త. ఆయన రోజా విప్పడానికి ఖర్జూరం నోట్లో పెట్టుకోబోతుంటే వీధిలో రాళ్లు పడతాయి. పక్కింటి హిందూ పిల్లాణ్ణి కాపాడబోయి తనే దెబ్బతిని చచ్చిపోతాడు. చదివినవాళ్లందరూ ఏడ్చారట. నాకు మాత్రం ఏడుపు రాలేదు, నిద్రా పట్టలేదు. ఇందులో ఏం దిద్దాలి?

ముందు ఆ రోజా సంగతి. ఆ డిసెంబర్‌లో ఉపవాసాలే లేవు. రంజాన్ నెల 1993 ఫిబ్రవరి చివర మొదలైంది. మా లెక్క చంద్రుడిది. ఏడాదికి 354 రోజులే గనక పండగలు ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంటాయి. గోడమీద క్యాలెండర్ చూస్తే తెలిసిపోయేది. నా దోస్తు చూడలేదు. తెలివి లేక కాదు. తన కథలో రైతు నాట్లు ఏ కార్తెలో వేస్తాడో పదిమందిని అడిగి రాసే మనిషి. ఇక్కడ మాత్రం అడగాలన్న అనుమానమే రాలేదు. అతని మనసులో సాయిబుకి ఏడాదంతా రంజానే. ఇలాంటి తప్పులు మనకు తెలియని చోట కంటే, బాగా తెలుసు అనుకున్న చోటే దొర్లుతాయి.

తర్వాత మాట. కరీం సాబ్ "నమ్కీ తెల్దు బేటా" అంటాడు. సరే, సినిమాల్లో మేమంతా అట్లాగే మాట్లాడతాం. మా దాదా అదే జిల్లాలో నలభై ఏళ్లు బట్టల మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగాడు. ఆయన తెలుగు వింటే ఆయనది ఏ ఊరో చెప్పొచ్చు గాని, ఏ మతమో చెప్పలేం. గుంటూరు, ప్రకాశం వైపు దూదేకుల ఇళ్లల్లో తల్లిభాషే తెలుగు. అక్కడ అమ్మీ, అబ్బా ఉండరు, అమ్మా నాన్నే ఉంటారు. మరి కరీం సాబ్‌ది ఏ ఊరు, ఏ ఇల్లు? దోస్తు దగ్గర జవాబు లేదు. అన్నిటికంటే నాకు గుచ్చుకున్నది ఇంకొకటి. రాత్రి ఇంట్లో పెళ్లాంతో కూడా ఆయన ఆ విరిగిన తెలుగే మాట్లాడతాడు! వాళ్లిద్దరూ ఉర్దూలో కదా మాట్లాడుకునేది? తన ఇంట్లో, తన భాషలో ఎవడి మాటా విరగదు. ఆ గదిలో జరిగే సంభాషణని రచయిత నిండు తెలుగులోనే రాయాలి. బజారులో, ఎదుటివాడి చెవికి వినపడేటప్పుడు ఎక్కడన్నా ఒక మాట తేడాగా పలికితే పలకనీ.

ఇవన్నీ దిద్దొచ్చు. దిద్దలేనిది కరీం సాబ్ మంచితనం. తెలుగు కథల్లో మాకు ఉన్నవి రెండే వేషాలు. ఒకడు కత్తి పట్టుకుంటాడు, ఇంకొకడు ప్రాణం ఇస్తాడు. మొదటివాడి మీద మేం పోట్లాడతాం. రెండోవాడు వస్తే దండం పెట్టి ఊరుకుంటాం. పొగిడారు గదా, ఏమంటాం? కాని ఆ రెండోవాడు కూడా మనిషి కాదు. తను మంచివాణ్ణని చచ్చి రుజువు చేసుకుంటేగాని అతన్ని పాఠకుడు నమ్మడు. పక్కింటి పిల్లాడి తండ్రికి ఆ అవసరం లేదు. అతను అప్పు ఎగ్గొట్టొచ్చు, తాగొచ్చు, తిక్కగా ఉండొచ్చు.

పెన్సిల్ తీసుకుని గడ్డం, టోపీ, సుర్మా, ఖర్జూరం, అల్లా అన్న ప్రతి మాటా కొట్టేశాను. మిగిలింది చూస్తే తాళాలు బాగుచేసే ఒక ముసలాయన. ఆయన ఎవరికి బాకీ, ఎవరి మీద గుర్రు, కొడుకుతో ఏం తగాదా, ఏమీ లేదు. "పోయి ఒక పూట తాళాల దుకాణం దగ్గర కూర్చో" అన్నాను. కోపం వచ్చినా పోయాడు. తిరిగొచ్చి చెప్పాడు: సబ్బు మీద అచ్చు తెచ్చినవాడికి ఆ ముసలాయన తాళంచెవి చెయ్యడట. తాళమే తెమ్మంటాడట. ఒకసారి సొంత అల్లుడినే వెనక్కి పంపాడట. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. కథ అక్కడుంది.

ఇంతవరకూ నేను బాధితుణ్ణి. చెప్పుకోవడం తేలికే. 1998లో నేనూ ఒక కథ రాశాను, లంబాడా స్త్రీ మీద. తాండా మా ఊరికి మూడు కిలోమీటర్లు. చిన్నప్పటినుంచీ చూస్తున్నవాళ్లే, నాకు తెలియనిదేముంది? ఆమె అద్దాల బట్టలతో, చేతులనిండా గాజులతో కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని వస్తుంది. సారా కాస్తుంది. అమాయకురాలు. షావుకారు మోసం చేస్తాడు. ఆమె మాట్లాడే తెలుగుని నేను ముక్కలు ముక్కలుగా, నవ్వొచ్చేటట్టు రాశాను. ముద్దుగా ఉంటుందనుకున్నాను.

ఆ తాండానుంచి చదువుకుని టీచరైన మిత్రుడికి చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "భయ్యా, మా యాడి పత్తి చేన్లోకి అద్దాల బట్టలు కట్టుకుపోదు" అన్నాడు. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ. ఫేటియా, కాంచళి పాత తరంవాళ్లు కొందరు రోజూ కడతారట. ఆమె వయసువాళ్లు చాలామంది తీజ్‌కో పెళ్లికో పెట్టెలోనుంచి తీస్తారట. మామూలు రోజున చీరే. తర్వాత నా పేజీమీద వేలు పెట్టాడు. అది ఆమె రాత్రి మొగుడితో మాట్లాడే చోటు. "ఇక్కడ గోర్‌బోలీలో మాట్లాడుతుంటారు గదా. మా భాషలో కూడా మాకు మాటలు రావా?"

నాకు కరీం సాబ్ గుర్తొచ్చాడు. చెవులు కాలిపోయాయి.

ఇంకొకటి కూడా చెప్పాడు, దాన్ని నేను కలలో కూడా ఊహించలేదు. ఆమె మొగుడికి నేను పెట్టిన పేరు లంబాడా పేరులా వినపడాలని ఎక్కడో పట్టుకొచ్చింది. "మా నాన్న పేరు సైదా" అన్నాడతను. జాన్‌పహాడ్ దర్గాకి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు. ఆ చుట్టుపక్కల సైదులు అన్న పేరు వింటే హిందువో ముస్లిమో లంబాడానో చెప్పలేం. మా దర్గా పేరు పెట్టుకున్న మనిషి మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే, నేను పరాయిగా ఉండే పేరు కోసం వెతికాను.

కథ మొత్తం తిరగరాశాను. షావుకారుని తీసేశాను. ఆమె ఇప్పుడు బోరు కోసం పోరుతోంది. రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది వెయ్యాలని ఆమె, వద్దని మొగుడు. పట్టుదలలో ఆమెదే తప్పు కావచ్చు, ఆ తప్పు చేసే హక్కు ఆమెకి ఇచ్చాను. ఇంట్లో మాటలు నిండు తెలుగులో ఉన్నాయి. మళ్లీ టీచరుకి పంపాను. వారానికి కాగితాలు తిరిగొచ్చాయి. చాలాచోట్ల గీతల్లేవు. చివరి పేజీలో ఆమె మోటారు దగ్గర ఒంటరిగా కూర్చుని ఏడ్చే చోట మాత్రం పెన్సిల్‌తో రాశాడు:

"ఏడుస్తుందా? మా యాడి అయితే ఆ బోరు వేసినవాణ్ణి తిడుతుంది."