బియ్యం డబ్బా తూకం

కిందటి వారం హాస్టల్ పిల్లల ధర్నా గురించి రాశాక చాలామంది తమ్ముళ్ళు ఒకటే అడిగారు. "విచారణ కమిటీలో నువ్వూ ఉన్నావు కదన్నా, రిపోర్టులో 'బియ్యం అమ్ముకున్నాడన్న ఆరోపణ రుజువు కాలేదు' అని ఎట్లా సంతకం పెట్టావు?" అని. కొందరు ఇంకా గట్టిగానే అన్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే మొదటి డ్రాఫ్టు రాసినప్పుడు నాదీ అదే కోపం. ఆ డ్రాఫ్టు ఏమైందో చెప్తాను.

అది ఎస్సీ బాలుర హాస్టల్. ఏ ఊరో ఇప్పుడు అనవసరం, విచారణ ఇంకా నడుస్తోంది. పిల్లలు కలెక్టరేట్ ముందు కూర్చున్నాక ముగ్గురితో ప్రాథమిక విచారణ కమిటీ వేశారు. ఒక అధికారి, ఒక రిటైర్డ్ తహశీల్దారు, విద్యార్థి సంఘాల తరఫున నేను. ఫిర్యాదులో మూడు సంగతులున్నాయి. వార్డెన్ లేని పిల్లలకు హాజరు వేస్తున్నాడు, మిగిలిన బియ్యం బయట అమ్ముకుంటున్నాడు, అడిగినందుకు ఒక పిల్లవాణ్ణి కులం పేరుతో తిట్టాడు.

చెప్పకుండా ఒక రాత్రి ఎనిమిదింటికి వెళ్ళాం. నేను ఇంటికొచ్చి తెల్లారేదాకా కూర్చుని రాసిన మొదటి వాక్యం ఇది: "అవినీతిపరుడైన వార్డెన్ పేద దళిత పిల్లల నోటికాడి కూడు లాక్కొని బియ్యాన్ని అమ్ముకున్నట్టు స్పష్టంగా రుజువైంది." తహశీల్దారు సార్ (ఆయనా మన పేటలోంచి వచ్చిన మనిషే, నలభై ఏళ్ళు ఫైళ్ళ మధ్య బతికాడు) పెన్సిల్ తీసుకుని మూడు మాటల చుట్టూ సున్నాలు చుట్టాడు. అవినీతిపరుడైన, స్పష్టంగా, అమ్ముకున్నట్టు.

"తమ్ముడూ, ఎవరికి అమ్మాడు? ఎంతకి? అమ్మడం ఎవరు చూశారు?" అన్నాడు.

"పిల్లలు చెప్పారు కదా సార్."

"పిల్లలు చెప్పింది ఆరోపణ. మనం చూసింది సాక్ష్యం. రెండూ పక్కపక్కన పెట్టి మనం తేల్చేది నిర్ధారణ. నువ్వు మూడూ కలిపి ఒక్క వాక్యంలో ముద్ద చేశావు. రేపు అవతలి లాయరు ఆ ముద్దలోంచి ఒక్క ముక్క లాగితే మొత్తం రాలిపోద్ది."

నాకు ఎనిమిదేళ్ళ కిందటి ఇంకో విచారణ గుర్తొచ్చింది. అప్పుడు నేను రాసిన రిపోర్టులో, అవతలి మనిషి జవాబు తీసుకున్న తేదీ కన్నా ముందు తేదీ వేసిన పేజీలోనే అతన్ని దొంగ అని రాశాను. అప్పీలులో వాళ్ళు వేరే ఏమీ వాదించలేదు. ఆ పేజీ చదివి, వీళ్ళు వినకముందే తేల్చేశారు అన్నారు. అతను తప్పు చేయలేదని ఎవరూ అనలేదు. విచారణ పక్షపాతంతో జరిగిందని కొట్టేశారు. అతను అదే కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. ఫిర్యాదు చేసిన ఇద్దరు పిల్లలు ఆ ఏడు చదువు మానేశారు. నా విశేషణాల ఖరీదు అది.

సరే, ఆ రాత్రి మేం నిజంగా చూసిందేమిటి? మంచాల దగ్గర, వంటగది దగ్గర, మరుగుదొడ్ల దగ్గర లెక్కపెడితే 71 మంది పిల్లలు. హాజరు రిజిస్టర్‌లో ఆ రోజు 108 మందికి హాజరు పడి ఉంది. తేడా 37. వార్డెన్ తొమ్మిది సెలవు చీటీలు తీసి చూపించాడు. చూడగానే అవి ఆయనకు అనుకూలం అనిపిస్తాయి. కానీ సెలవులో ఉన్నారని తానే చెప్తున్న ఆ తొమ్మిది మందికి కూడా హాజరు పడే ఉంది. మిగతా వాళ్ళు ఊళ్ళో పెళ్ళికి వెళ్ళారు, రాత్రికి వచ్చి తింటారు అన్నాడు. అది అట్లాగే ఆయన మాటల్లోనే రాసుకున్నాం. కింద ఆయన సంతకం.

తర్వాత వంటగది. ఆ పూటకి స్టాక్ రిజిస్టర్‌లో ఇష్యూ 21.6 కిలోలు అని ఉంది, అంటే 108 మందికి తలా 200 గ్రాములు. వంటమ్మని ఎంత బియ్యం పోశావమ్మా అంటే "ఒక డబ్బా, పైన గుట్టగా" అంది. నేను నోట్‌బుక్‌లో "ఒక డబ్బా అంటే సుమారు 15 కిలోలు" అని రాసేశాను. సార్ కొట్టేశాడు. అదే నూనె డబ్బాని, అదే మనిషి చేత, అట్లాగే గుట్టగా నింపించి హాస్టల్ కాటా మీదే తూచాం. డబ్బా బరువు తీసేస్తే 14.3 కిలోలు. మేం లెక్కపెట్టిన 71 మందికి తలా 200 గ్రాములు వేస్తే 14.2. వంటమ్మకి రిజిస్టర్ లెక్కలు తెలియవు. ఆమె డబ్బా, మా తలల లెక్క ఒకదానికొకటి సరిపోయాయి. అర్ధరాత్రి వచ్చే పిల్లల కోసం విడిగా ఏమన్నా వండావా అంటే లేదంది.

మరి మిగిలిన 7.3 కిలోలు ఎక్కడ? వండకపోతే స్టోరులోనే ఉండాలి. రిజిస్టర్‌లో క్లోజింగ్ బ్యాలెన్స్ 612 కిలోలు. బస్తా బస్తా తూచితే 611. ఇష్యూ రాసి వండని బియ్యం గదిలోనే ఉంటే కాటా మీద 619 దాకా రావాలి. రాలేదు. తెల్లారేలోగా రిజిస్టర్ మారిపోవచ్చు కాబట్టి ఆ పేజీలన్నీ అక్కడే ఫోటో తీసి, ప్రతి పేజీ మీదా వార్డెన్ చేతా ఇద్దరు సాక్షుల చేతా సంతకాలు చేయించి పంచనామా రాశాం.

ఇక్కడ నాకొక ఆశ పుట్టింది. రోజుకు 7.3 కిలోలు, ఏడాదికి ఇన్ని రోజులు, గుణిస్తే టన్నుల లెక్క వస్తుంది. పేపర్లో హెడ్డింగు కూడా నా కళ్ళ ముందు కనిపించింది. కానీ మా దగ్గర ఉన్నది ఒక్క రాత్రి తూకం. ఒక్క రాత్రిని ఏడాదితో గుణిస్తే అది సాక్ష్యం కాదు, అంచనా. గుణించలేదు. దాని బదులు పాత పేజీలు తిప్పాం. సంక్రాంతి సెలవులకు హాస్టల్‌కి తాళం వేసిన రోజుల్లో కూడా 106 మంది హాజరు, బియ్యం ఇష్యూ రాసి ఉన్నాయి. దానికి వార్డెన్ జవాబు: "నెలాఖర్న అన్నీ ఒకేసారి నింపుతాం సార్, పొరపాటున పడింది." పొరపాటు అని తప్పించుకోబోయి, రిజిస్టర్ రోజూ రాయడం లేదని తానే చెప్పాడు. మేం ఎంత ఘాటుగా రాసినా ఆ ఒక్క మాటకున్న బరువు రాదు. అవతలి మనిషి జవాబుని కుదించకుండా, మన మాటల్లోకి మార్చకుండా రాయాలని నాకు తలకెక్కింది అప్పుడే.

అమ్మకం సంగతి. ఆటోలో బస్తాలు పోతాయని పదకొండు మంది పిల్లలు చెప్పారు. నువ్వు చూశావా, విన్నావా అని ఒక్కొక్కణ్ణి విడిగా అడిగితే పది మంది విన్నవాళ్ళే. చూసింది ఒక్కడు. మేడ మీంచి, చీకట్లో, ఆటోలో రెండు బస్తాలు. ఎక్కించింది ఎవరో కనపడలేదు, తేదీ గుర్తు లేదు. కాబట్టి సాక్షులు పదకొండు మంది కాదు, ఒకడు. ఆ ఒక్కడు కూడా అమ్మకాన్ని చూడలేదు.

మూడోది రాయడం అన్నిటికన్నా కష్టమైంది. "కులం పేరుతో తిట్టాడు" అని ఫిర్యాదులో ఉంది. అది కూడా ఒక నిర్ధారణే, సాక్ష్యంలా కనిపిస్తుంది అంతే. అన్న మాటలేమిటి? ఆ పిల్లవాడు తల దించుకున్నాడు. మళ్ళీ ఆ మాట నోటితో అనమనడం వాణ్ణి ఇంకోసారి తిట్టించడమే. సార్ కాగితం, పెన్ను ఇచ్చి మమ్మల్నందరినీ బయటికి నడిపించాడు. వాడే రాశాడు. అత్యాచార నిరోధక చట్టంలో, 2016 నుంచి అమల్లో ఉన్న సవరణ తర్వాత, సెక్షన్ 3(1)(ఎస్) కింద కులం పేరుతో తిట్టడం పదిమందికీ కనపడే చోట జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు జరిగితే అది వర్తించదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఎక్కడ, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు అన్నవి రాయకపోతే మన పిల్లవాడి కేసుని మనమే బలహీనం చేసినట్టు. భోజనాల గదిలో, ఇరవై మంది దాకా ఉన్నప్పుడు, అని తేలింది.

సాక్షుల మాటలు కలవలేదు. ఇద్దరు కులం పేరు విన్నామన్నారు. ఇంకొకడు "ఉచితంగా తింటా ఎదురు చెప్తారా" అన్నది మాత్రమే విన్నాడు. వంటమ్మ అరుపులు విన్నాను, పంపు నీళ్ళ చప్పుడికి మాటలు వినపడలేదు అంది. మూడో పిల్లవాణ్ణి పిలిచి మళ్ళీ గుర్తు చేసుకోమందామా అన్నాను. నిజంగా అన్నాను, దాచను. సార్ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నలుగురూ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెప్తే ఎవరో నేర్పారనుకుంటారు. వేర్వేరు చోట్ల కూర్చున్నవాళ్ళకు వేర్వేరుగానే వినపడుతుంది. ఆ తేడాల్ని అట్లాగే ఉంచాం.

చివరికి రిపోర్టులో ఒక్కో ఆరోపణకూ నాలుగు భాగాలు పెట్టాం. ఫిర్యాదుదారు మాటల్లో ఆరోపణ, ఏ పేజీలోదో ఎవరు చెప్పిందో చూపిస్తూ సాక్ష్యం, వార్డెన్ జవాబు, మా నిర్ధారణ. తప్పుడు హాజరు: రుజువైంది. ఆ పూట ఇష్యూ రాసిన బియ్యంలో సుమారు 7 కిలోలు వండలేదు, స్టోరులోనూ లేవు: రుజువైంది. అమ్ముకున్నాడు: ఈ కమిటీ ముందున్న సాక్ష్యంతో రుజువు కాలేదు. భోజనాల గదిలో అవమానకరంగా మాట్లాడాడు: జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. కులం పేరు వాడాడా అన్నదానిపై ఇద్దరి వాంగ్మూలాలు అవునంటున్నాయి, వార్డెన్ కాదంటున్నాడు. అది నేరమో కాదో తేల్చే అధికారం మాకు లేదు గనక కాగితాలన్నీ పోలీసులకు పంపాలని రాశాం. ఈ కేసుల్లో దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. శాఖాపరమైన విచారణలో ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తే చాలు, కోర్టులో మాత్రం సందేహానికి తావుండకూడదు. ఒక కొలతతో తేల్చింది ఇంకో చోట నిలబడుతుందని పిల్లలకు మాటివ్వలేం.

వార్డెన్‌కి ఛార్జ్ మెమో ఇచ్చారు. ఆయన లాయరు మా రిపోర్టు మీద రాసిన అభ్యంతరాలు చదివాను. బియ్యం తూకం మీద మూడు పేజీలు వాదించాడు. మా పక్షపాతం మీద ఒక్క ముక్క దొరకలేదు.

కానీ రిపోర్టు కాపీ వచ్చిన రోజు ఆ పిల్లవాడు, మేడ మీంచి ఆటో చూసినవాడు, హాస్టల్ మెట్ల మీద నన్ను ఆపాడు. "అంటే నేను అబద్ధమాడాననా అన్నా?" పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేజీ చూపించాను. 'అబద్ధమని తేలింది' అని రాయలేదురా, అట్లా రాయాలంటే దానికీ సాక్ష్యం కావాలి, 'రుజువు కాలేదు' అన్నది మా దగ్గర కాగితం చాల్లేదని చెప్పడమే, నీ మాట పూర్తిగా అచ్చయింది చూడు అన్నాను. వాడు చదువుకున్నాడు. ఒప్పుకున్నాడో లేదో ముఖంలో తెలియలేదు.

మూడు వారాలకి ఒక నోట్‌బుక్ తెచ్చాడు. స్కేలుతో గీతలు కొట్టి ఉంది. తేదీ, టైము, నేను చూసింది, ఎవరో చెప్పింది. ఆటో నెంబరు కూడా ఉంది. చివరి గడి ఖాళీగా వదిలేశాడు. ఇదేంట్రా అంటే, "అది మీరు రాసేది కదన్నా" అన్నాడు.