తీసివేత లెక్క

రాజాం పరిసరాల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు బోధించి, 62వ ఏట పదవీ విరమణ చేశాను. అప్పటిదాకా రక్తంలో కొవ్వు పరీక్ష చేయించుకున్నవాణ్ని కాదు. కోడలి పోరు పడలేక కిందటేడు ఒక ఉదయం చేయించుకున్నాను. ముందు రాత్రి బంధువుల ఇంట వలీమా విందు. భోజనం తర్వాత పన్నెండు గంటలు ఏమీ తినకుండా రమ్మన్నారు. రోజాలు పాటించేవారికి అదేమంత కష్టం కాదనుకుని నీళ్లు కూడా ముట్టకుండా వెళ్లాను. మంచినీళ్లు తాగవచ్చని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

సాయంత్రం కాగితం చేతికి వచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్ 248, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 310, వీఎల్‌డీఎల్ 62, ఎల్‌డీఎల్ 150. పక్కన ఉండవలసిన హద్దులు అచ్చువేసి ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు, ఎల్‌డీఎల్ 100 లోపు, పురుషులకు హెచ్‌డీఎల్ 40కి పైన. నేను అన్నింటా తప్పాను.

ఆ కాగితం చూసి నాకంటే ఎక్కువ బాధపడినది నా భార్య. ఆమె కేకలు వేయలేదు. "ఇన్నేళ్లు నేను వండిపెట్టింది విషమన్నమాట" అని మాత్రం అని వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆ శుక్రవారం మా ఇంట బిర్యానీ వండలేదు. ఆ మౌనం నన్ను ఆ అంకెలకంటే ఎక్కువగా బాధించింది. ఎలాగైనా ఆ కాగితంలో తప్పు పట్టాలని కూర్చున్నాను.

లెక్కల మాస్టారి కంటికి ఒక సంగతి వెంటనే దొరికింది. 310ని అయిదుతో భాగిస్తే 62. 248 నుంచి 36, 62 తీసివేస్తే సరిగ్గా 150. అంటే ఎల్‌డీఎల్‌ను ఎవరూ కొలవలేదు, తీసివేత చేసి రాశారు! మరునాడు ఉత్సాహంగా డాక్టరు గారి ముందు ఆ మాట పెట్టాను.

ఆయన నవ్వి, నేను కనిపెట్టినది నిజమేనన్నారు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు ప్రకటించిన సూత్రమట అది. కొవ్వు నీటిలో కరగదు కనుక రక్తంలో ప్రోటీన్లతో కలిసి చిన్న మూటలుగా ప్రయాణిస్తుంది. వీఎల్‌డీఎల్ అనే మూటలో అయిదు పాళ్లు ట్రైగ్లిజరైడ్ ఉంటే సుమారు ఒక పాలు కొలెస్ట్రాల్ ఉంటుంది. అందుకే అయిదుతో భాగించడం. మొత్తంలోంచి ఆ భాగాన్నీ, మేలు చేసేదిగా పేరున్న హెచ్‌డీఎల్‌నూ తీసివేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. రక్తనాళాల గోడల్లో పేరుకునేది ముఖ్యంగా ఇదే. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్కను నమ్మరాదు, అప్పుడు నేరుగా కొలవాలి.

"నాది 310 కదా. పైగా ముందు రాత్రి విందు" అన్నాను. "అయితే రెండు వారాలు మీ ఇంటి భోజనమే చేసి మళ్లీ రండి" అన్నారాయన.

వెళ్లాను. ట్రైగ్లిజరైడ్లు 260కి దిగాయి. నా వాదన సగం గెలిచింది. కానీ మొత్తం 244, హెచ్‌డీఎల్ 36. 260లో అయిదో వంతు 52. తీసివేసి చూస్తే ఎల్‌డీఎల్ 156! విందు మానితే తగ్గవలసిన అంకె ఆరు పెరిగింది. విందు ప్రభావం ట్రైగ్లిజరైడ్ల మీదే ఎక్కువనీ, ఎల్‌డీఎల్ ఒక్క పూట తిండితో మారేది కాదనీ నా లెక్కే నాకు చెప్పింది.

ఈసారి నా భార్యను వెంట తీసుకెళ్లాను. ఆమె తన ప్రశ్నను నేరుగా అడిగింది. డాక్టరు గారు నిదానంగా బదులిచ్చారు. "అమ్మా, ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారుచేసుకునేదే. వంట ఒక్కటే కారణం కాదు. వీరి ట్రైగ్లిజరైడ్లు ఇంతగా ఉండటానికి మాంసంకంటే తీపి, తెల్ల అన్నం, కదలకుండా కూర్చోవడం ముఖ్య కారణాలు కావచ్చు." ఆ తర్వాత నా వైపు తిరిగి "మీ నాన్నగారు ఏ వయసులో పోయారు?" అని అడిగారు. "54వ ఏట. పొలం నుంచి వచ్చి మంచం మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయారు" అన్నాను. ఆయన ఏదో రాసుకున్నారు. తండ్రికి 55 ఏళ్ల లోపు గుండెపోటు వచ్చి ఉంటే, అవే అంకెలను ఇంకా కఠినంగా చూడాలన్నారు. ముందు మూడు నెలలు అలవాట్లు మార్చి చూడమన్నారు.

ఇంటికి వచ్చి నా దినచర్యను కాగితం మీద పెట్టాను. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర. చెంచా అయిదు గ్రాములనుకుంటే రోజుకు 40 గ్రాములు, నెలకు కిలో రెండు వందల గ్రాములు! అది వంటగది తప్పు కాదు, అడిగి మరీ వేయించుకున్న నాది. కాగితాన్ని నా భార్యకు చూపాను. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది.

మార్పు సంతోషంగా జరిగిందని చెప్పను. చక్కెర లేని టీ మొదటి వారం కషాయంలా ఉంది. ఒకనాడు దొంగతనంగా జిలేబీ తింటుండగా మనవడు చూసి, "దాదా, పొట్టలో మూడో వంతు ఖాళీగా ఉంచాలని నాకు చెప్పింది మీరే కదా" అన్నాడు. తినేటప్పుడు పొట్టలో భోజనానికి, నీటికి, శ్వాసకు మూడు భాగాలు చేసుకోవాలన్న ప్రవక్త (స) బోధను వాడికి నేర్పింది నేనే. ఆ రోజు సిగ్గుపడ్డాను.

రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పు, ఆకుకూర పెంచాం. ఉదయం మా ప్రాంతపు చోడి అంబలి మొదలుపెట్టాను. అదీ పిండి పదార్థమే కనుక ఇడ్లీలకు బదులుగా తాగాలి గాని, వాటి మీద అదనంగా కాదు. డాల్డా ఇంట్లోకి రావడం మానేసింది. కొలెస్ట్రాల్ లేదని నూనె ప్యాకెట్ మీద రాసిన మాట చూసి ఇదివరకు మురిసిపోయేవాణ్ని. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ దాదాపు ఉండనే ఉండదని ఇప్పుడు తెలిసింది. చూడవలసింది అందులోని సంతృప్త కొవ్వు ఎంత, మనం పోసేది ఎంత అన్నదే. శుక్రవారం బిర్యానీ తిరిగి వచ్చింది, కాని ఒక్క పళ్లెంతో సరి. ఫజ్ర్ నమాజు తర్వాత పాలకొండ రోడ్డు మీద అరగంట వేగంగా నడక.

మూడు నెలల తర్వాత మొత్తం 214, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 170. ఎంత సంబరం! కానీ తీసివేసి చూస్తే ఎల్‌డీఎల్ 142. మొదటిది బాగా దిగింది, రెండోది కొద్దిగానే. తిండి, నడక మాట వినేది ట్రైగ్లిజరైడ్లేననీ, కాలేయం తయారీని తగ్గించడానికి నాలాంటివారికి మందు కావాలనీ డాక్టరు గారు వివరించి, అటోర్వాస్టాటిన్ మాత్ర రాశారు. కారణం లేకుండా కండరాలు నొప్పిపెడితే చెప్పమన్నారు, సొంతంగా మాత్రం మానవద్దన్నారు.

నా మనసు మళ్లీ మొరాయించింది. మాత్ర వేసుకుంటే మూడు నెలల శ్రమ ఓడిపోయినట్టు అనిపించింది. చీటీని వారం రోజులు పుస్తకంలో దాచాను. చివరికి నాన్నగారి మంచం గుర్తొచ్చింది. ఆయన కాలంలో ఈ లెక్క మా ఊరికి రాలేదు. నా చేతికి వచ్చింది, నేను పుస్తకంలో దాచుకున్నాను.

రెండు నెలల తర్వాత మొత్తం 150, హెచ్‌డీఎల్ 39, ట్రైగ్లిజరైడ్లు 140. అంకెలు బాగున్నాయి కనుక ఇక మాత్ర మానేయవచ్చా అని అడిగాను. "ఆ అంకెలు బాగున్నది మాత్ర వల్లనే మాస్టారూ. మానితే మళ్లీ పాత చోటికే వెళతాయి" అన్నారు.

ఇషా నమాజు ముగించి వచ్చేసరికి నా భార్య మాత్రనూ గ్లాసుడు నీళ్లనూ బల్ల మీద పెట్టి ఉంచుతుంది. చివరి కాగితం మీది తీసివేతను ఆమెచేతనే చేయించాను. 150 నుంచి 39, మళ్లీ 28. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి "83" అంది.